నూటికి తొంభై నాలుగు!

2002 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. రాసినవాళ్లు ఊరూపేరూ లేనివాళ్లేం కాదు. పెట్రికోయిన్ గారిది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, లియోటా గారిది అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థ. ఆడవాళ్ల రక్తాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంలో పెట్టి, అందులోని ప్రోటీన్లు గీసే ఎగుడుదిగుడు గీతను కంప్యూటర్‌కి చూపిస్తే, అండాశయ క్యాన్సర్ ఉందో లేదో అది చెప్పేస్తుందట. ఈ క్యాన్సర్ మొదట్లోనే దొరికితే చాలామంది బతుకుతారు. కానీ పొట్ట ఉబ్బుతోందని డాక్టరు దగ్గరికి వెళ్లేసరికే చాలామందిలో ముదిరిపోయి ఉంటుంది. అంచేత ప్రపంచం చెవులు రిక్కించి వింది. అందులో తప్పేమీ లేదు.

వ్యాసంలో మూడు అంకెలున్నాయి. సెన్సిటివిటీ 100 శాతం, స్పెసిఫిసిటీ 95 శాతం, పాజిటివ్ ప్రిడిక్టివ్ వాల్యూ 94 శాతం. మొదటి రెండింటినీ మర్యాదగా పక్కన కూర్చోబెడదాం. నాకు మురిపెమంతా ఆ మూడోదాని మీదే. దాన్ని మామూలు మాటల్లో చెబితే ఇలా ఉంటుంది: ‘అమ్మా, మీ టెస్టు పాజిటివ్ వచ్చింది, మీకు క్యాన్సర్ ఉండే అవకాశం నూటికి తొంభై నాలుగు’. ఆ మాట విన్న మనిషి అన్నం ముట్టుకుంటుందా?

ఆ తొంభై నాలుగు ఎక్కడి నుంచి ఊడిపడిందో చూద్దాం. ఒక కాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయండి. నిలువుగా రెండు వరుసలు: ఎడమది క్యాన్సర్ ఉన్నవాళ్లది, కుడిది లేనివాళ్లది. అడ్డంగా రెండు వరుసలు: పైది టెస్టు పాజిటివ్, కిందది నెగటివ్. పరిశోధకుల దగ్గర క్యాన్సర్ ఉన్నట్టు ముందే తెలిసిన 50 మంది రక్తం ఉంది. 50 మందినీ కంప్యూటర్ పట్టేసింది. కాబట్టి ఎడమ వరుసలో పైన 50, కింద సున్నా. క్యాన్సర్ లేనివాళ్లు 66 మంది. వాళ్లలో 63 మందిని వదిలేసింది, ముగ్గురిని అన్యాయంగా పట్టుకుంది. కుడి వరుసలో పైన 3, కింద 63.

సెన్సిటివిటీ అంటే ఎడమ వరుసలో పైనుంచి కిందికి నడవడమే. యాభైకి యాభై. స్పెసిఫిసిటీ కుడి వరుసలో నడక. అరవై ఆరుకి అరవై మూడు. ఇంతవరకు పేచీ లేదు, ఎందుకంటే ఏ వరుస లెక్క ఆ వరుసదే. ఎడమ వరుసలో ఎంతమంది ఉన్నారన్నది కుడి వరుసకు అక్కర్లేదు. ప్రిడిక్టివ్ వాల్యూకి మాత్రం అడ్డంగా నడవాలి. పై వరుసలో 50, పక్కన 3, మొత్తం 53. యాభై మూడులో యాభై అంటే 94 శాతం. కూడిక తప్పా? కాదు. భాగహారం తప్పా? కాదు. మా ఆరో తరగతి లెక్కల మాస్టారైతే పూర్తి మార్కులు వేసేవారు.

తప్పంతా ఆ అడ్డ నడకలో ఉంది. అడ్డంగా నడిచేటప్పుడు రెండు నిలువు వరుసలనూ కలుపుతున్నాం. ఏ వరుసలో ఎంతమంది ఉండాలన్నది దేవుడు నిర్ణయించలేదు, జబ్బు నిర్ణయించలేదు, పరిశోధకులు నిర్ణయించారు. ఫ్రిజ్‌లో 50 క్యాన్సర్ సీసాలు, 66 మామూలు సీసాలు పెట్టుకుంది వాళ్లే. ఆ ఫ్రిజ్ ప్రకారం ప్రతి 116 మంది ఆడవాళ్లలో 50 మందికి అండాశయ క్యాన్సర్ ఉంది, అంటే నూటికి 43 మందికి. తిరుమల కల్యాణకట్ట గుమ్మం దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టి, ఆంధ్రదేశంలో సగం మందికి జుట్టు లేదని ప్రకటించినట్టుంది.

టెస్టును ముట్టుకోకుండా ఫ్రిజ్‌ను మార్చి చూడండి, తమాషా తెలుస్తుంది. 66 సీసాల బదులు 500 మామూలు సీసాలు పెట్టారనుకుందాం. అదే యంత్రం, అదే కంప్యూటర్, 66కి 3 చొప్పున అదే పొరపాటు. అన్యాయంగా పట్టుబడేవాళ్లు 23 మంది అవుతారు. ప్రిడిక్టివ్ వాల్యూ 73కి 50, అంటే 68 శాతానికి దిగింది. 66,000 సీసాలు పెడితే పట్టుబడేవాళ్లు 3,000. అప్పుడు 3,050కి 50, అంటే రెండు శాతం కూడా లేదు. రక్తం ఇచ్చినవాళ్లను ఎక్కువ తెచ్చిన పాపానికి టెస్టు పరువు పోయింది! అందుకే కాబోలు, తెలివైనవాళ్లు ఎక్కువమందిని తేరు.

సరే, ఫ్రిజ్ తలుపు మూసి బయటికి వద్దాం. ముట్లుడిగిన వయసు ఆడవాళ్లలో అండాశయ క్యాన్సర్ ఏ ఏడాదైనా సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క కడతారు. లక్ష మందికి ఈ టెస్టు చేద్దాం. క్యాన్సర్ ఉన్నవాళ్లు 40 మంది. వ్యాసం చెప్పినట్టే నలభై మందినీ పట్టేసిందని ఉదారంగా ఒప్పుకుందాం. మిగిలిన 99,960 మందిలో 66కి 3 చొప్పున పాజిటివ్ వచ్చేవాళ్లు దాదాపు 4,544 మంది. మొత్తం పాజిటివ్‌లు 4,584. అందులో నిజమైనవి 40. అంటే నూటికి ఒకటి కూడా కాదు, 115 మందిలో ఒకరు. తొంభై నాలుగు అని చెప్పిన చోట ఉన్నది ఒకటికి కాస్త తక్కువ.

పైగా వ్యాసంలో ఆ తొంభై నాలుగుకి వినయంగా ఒక హద్దు కూడా ఇచ్చారు. కొంచెం అటూ ఇటూ కావచ్చు, 84 నుంచి 99 లోపు ఉంటుందని. అసలు విలువ ఒకటి దగ్గర ఉంటే, జాగ్రత్త కోసం 84 దాకా దిగి ఆగారు! ఇలాంటి హద్దులు సీసాలు తక్కువైతే వచ్చే ఊగిసలాటను మాత్రమే కొలుస్తాయి. సీసాలను ఎక్కడి నుంచి తెచ్చారని అవి అడగవు. నిజంగా పనికొచ్చే హద్దు స్పెసిఫిసిటీది, అదీ అదే వ్యాసంలో ఉంది: 87 నుంచి 99. పాపం దాన్నెవరూ పట్టించుకోలేదు. 87 అయితే మన లక్ష మందిలో తప్పుడు పాజిటివ్‌లు పదమూడు వేల దాకా పోతాయి, 99 అయితే వెయ్యి. అరవై ఆరుగురిని చూసి లక్ష మంది జాతకం చెప్పబోతే ఇంతే మరి.

ఈ టెస్టు మరీ పనికిమాలినదని నేననడం లేదు. వ్యాసంలోని అంకెలు నిజమైతే, పాజిటివ్ వచ్చిన మనిషికి క్యాన్సర్ ఉండే అవకాశం దాదాపు 22 రెట్లు పెరుగుతుంది. చిన్న విషయం కాదు. కానీ 2,500లో ఒకటిని 22 రెట్లు చేసినా 115లో ఒకటి దగ్గరే ఆగుతుంది. ఈ జబ్బుకి స్క్రీనింగ్ చేసేవాళ్లు సాధారణంగా కోరేది పది పాజిటివ్‌లకు ఒక నిజం. 40 మంది దొరికితే తప్పుడు పాజిటివ్‌లు 360 దాటకూడదన్నమాట. అంటే స్పెసిఫిసిటీ 99.6 శాతం ఉండాలి. 95 శాతం అంటే పరీక్షలో డిస్టింక్షనే, ఇక్కడ మాత్రం ఫెయిలు.

అదే ఏడాది అదే పత్రికకు ఈ సంగతి చెబుతూ లేఖలు వెళ్లాయి. ఆ తర్వాత బాగర్లీ బృందం ఆ పరిశోధకులే బయటపెట్టిన అంకెలను తిరగేసి ఇంకో కథ చెప్పింది. యంత్రం ఊరికే గొణిగే భాగంలో కూడా, ప్రోటీన్లతో సంబంధమే లేని చోట కూడా, క్యాన్సర్ నమూనాలూ మామూలు నమూనాలూ వేరువేరుగా కనిపిస్తున్నాయట. కంప్యూటర్ పట్టుకున్నది జబ్బునో, నమూనాలను నడిపిన తీరులోని తేడానో ఎవరు చెప్పాలి? అలా ఆ మొదటి 100 శాతం మీద కూడా నీడ పడింది. ఇంతలో ఓవాచెక్ అని పేరు పెట్టి దీన్ని బజారుకు దించడానికి సిద్ధమయ్యారు. 2004లో ఔషధ నియంత్రణ సంస్థ అడ్డుపడింది.

‘తప్పుడు పాజిటివ్ వస్తే ఏమైంది, ఇంకో టెస్టు చేస్తే తేలిపోతుందిగా’ అంటారు కొందరు. ముందు స్కానింగ్ చేస్తారు, నిజమే. అది తేల్చలేకపోతే రొమ్ములో గడ్డలా సూదితో గుచ్చి చూసి ఊరుకునే వీలు ఇక్కడ అంతగా లేదు. పొట్టలోకి వెళ్లి అండాశయాన్ని తీసి చూడాల్సి వస్తుంది. అమెరికాలో 78 వేల మంది ఆడవాళ్లతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. సగం మందికి సీఏ-125 రక్తపరీక్ష, స్కానింగ్ చేస్తామన్నారు. 2011లో ఫలితాలు వచ్చాయి. తప్పుడు పాజిటివ్ వచ్చినవాళ్లు 3,285 మంది. వాళ్లలో 1,080 మందికి ఆపరేషన్ అయింది. అందులో 163 మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. లేని జబ్బు కోసం! అండాశయ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు టెస్టు చేసిన వర్గంలో 118 మంది, చేయని వర్గంలో 100 మంది. పద్దెనిమిది తేడా కాకతాళీయం కావచ్చు, చావులు తగ్గాయని మాత్రం ఎవరూ అనలేకపోయారు. బ్రిటన్‌లో రెండు లక్షల మందితో చేసిన అధ్యయనం కూడా 2021లో చావులు తగ్గినట్టు తేల్చలేదు.

సీఏ-125 మాత్రం మన ఊళ్లో గులాబీ రంగు కరపత్రంలో ‘మహిళా స్పెషల్ ప్యాకేజీ’గా క్షేమంగా ఉంది. గర్భాశయంలో గడ్డలున్నా, ఎండోమెట్రియోసిస్ ఉన్నా, నెలసరి రోజులైనా, మన దేశంలో కొదవలేని పొట్ట క్షయ ఉన్నా అది పెరుగుతుందని కరపత్రంలో లేదు. ‘99% కచ్చితత్వం’ అని ఉంది. ఏ తొంభై తొమ్మిదో రాయలేదు. చెప్పొద్దూ, వచ్చిన ప్రతి ఆవిడకీ ‘క్యాన్సర్ లేదు’ అని కొట్టిచ్చే రబ్బరు స్టాంపు 2,500 మందిలో 2,499 మంది దగ్గర కరెక్టే. దాని కచ్చితత్వం 99.96 శాతం. ఖర్చు ఇంకు మాత్రమే.

ల్యాబు కౌంటర్లో కుర్రవాణ్ని అడిగాను: ‘బాబూ, పాజిటివ్ వచ్చిన వందమందిలో నిజంగా జబ్బు ఉండేది ఎంతమందికి?’

‘తొంభై తొమ్మిది సార్, ఇక్కడే రాసుంది కదా.’

‘అది ఎంతమందిని చూసి కట్టిన లెక్క? వాళ్లలో ముందే జబ్బున్నవాళ్లెంతమంది?’

కుర్రవాడు కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి అన్నాడు: ‘సార్, మేడం గారితో పాటు ఇంకొకరిని తీసుకొస్తే ఇరవై పర్సెంట్ తగ్గిస్తాం. అంతకంటే నా చేతిలో లేదు.’