పేర్లు దొరికాయి, పెళ్లి దొరకలేదు

ఊళ్లో ఏ కంప్యూటర్ రిపేరు దుకాణం బోర్డు చూసినా ఒక వాక్యం ఉండి తీరుతుంది: ‘డిలీట్ అయిన డేటా వంద శాతం రికవరీ’. హార్డ్ డిస్కులు గిర్రున తిరిగే రోజుల్లో రాయించిన మాట అది. ల్యాప్‌టాప్‌ల్లో పళ్లేలు పోయి చిప్పులు వచ్చాయి, హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ కూర్చుంది. బోర్డు మాత్రం మారలేదు. పెయింటర్ ఖర్చు ఎందుకనుకున్నారో ఏమో.

ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్ సంగతే చూద్దాం. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, లోపల ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. ఆల్బమ్ ఇంకా ప్రింటుకు వెళ్లని పెళ్లి ఫోల్డర్‌ని, పాతదనుకుని, షిఫ్ట్ నొక్కి మరీ డిలీట్ కొట్టాడు. శాశ్వతంగా తీసేయమంటావా అని విండోస్ అడిగితే అవునన్నాడు. సంగతి తెలిసి గుండె జారి దుకాణానికి పరుగెత్తాడు. “కంగారు పడకన్నా, రాత్రంతా డీప్ స్కాన్ పెడతా. పొద్దున్నే వచ్చి పట్టుకుపో” అని అభయం దొరికింది.

పొద్దున్నే తెర మీద అద్భుతం. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు ఏ ఒక్కటీ తప్పకుండా ఫైళ్ల పేర్లన్నీ వరుసలో నిలబడ్డాయి. తేదీలు సరిపోయాయి, సైజులు సరిపోయాయి, ప్రతి పేరు పక్కనా ఆకుపచ్చ చుక్క, దాని ఎదురుగా ‘ఎక్సలెంట్’ అన్న కితాబు. డబ్బులు చేతులు మారాయి. ఇంటికెళ్లి తెరిస్తే ఒక్క ఫొటో తెరుచుకోలేదు. మళ్లీ దుకాణానికి వెళ్తే, “కొంచెం కరప్ట్ అయినట్టుంది, దీనికి వేరే సాఫ్ట్‌వేర్ ఉంది, దాని రేటు వేరే” అన్నారు.

అక్కడ కరప్ట్ అయింది ఏమీ లేదు. ఆ ఫైళ్లలో ఉన్నవన్నీ సున్నాలే, మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా. అసలైన జేపీఈజీ ఫొటోని హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదట `FF D8 FF` కనిపించాలి. ఇక్కడ కనిపించేది `00 00 00`. సున్నాలకు ‘ఎక్సలెంట్’ ఎవరిచ్చారు? సాఫ్ట్‌వేరే ఇచ్చింది, తన లెక్క ప్రకారం తప్పేమీ చేయకుండానే ఇచ్చింది. ఫైలు ఉండిన చోటును ఇంకో ఫైలు ఆక్రమించిందా లేదా అన్నదొక్కటే అది చూస్తుంది. ఆక్రమించలేదు కాబట్టి ‘ఎక్సలెంట్’. ఆ చోట అసలేమైనా మిగిలిందా అని దాన్ని ఎవరూ అడగలేదు, అదీ చెప్పలేదు.

పాత హార్డ్ డిస్కులో ఈ పరీక్ష సరిపోయేది. అక్కడ డిలీట్ అంటే కరణం పుస్తకంలో పేరు కొట్టేయడమే, పొలంలో పైరు అలాగే ఉంటుంది. ఇంకొకరు వచ్చి దున్నేదాకా దాన్ని కోసుకోవచ్చు. బోర్డు మీది వంద శాతం పుట్టింది అక్కడే.

ఎస్‌ఎస్‌డీలోని ఫ్లాష్ చిప్పుల స్వభావం వేరు. రాసినదాని మీదే మళ్లీ రాయడం వాటికి చేతకాదు, ముందు చెరపాలి. రాయడమేమో కొన్ని కిలోబైట్ల పేజీల చొప్పున, చెరపడమేమో అలాంటి వందల పేజీలున్న బ్లాకు మొత్తంగా. అందుకే డ్రైవులోని కంట్రోలర్ పనికిరాని పేజీలను వెతికి, పనికొచ్చేవాటిని వేరే చోటికి తరలించి, తీరిక వేళల్లో బ్లాకులను తుడుస్తూ ఉంటుంది. కానీ ఏది పనికిరాదో దానికెలా తెలుస్తుంది? ఫైలు డిలీట్ అయిన సంగతి ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలుసుగానీ డ్రైవుకు తెలియదు. ఆ కబురు చేరవేసే ఆదేశమే ట్రిమ్. విండోస్ 7తో, 2009లో, ఇది ఇళ్లలోని కంప్యూటర్లకు వచ్చింది. డ్రైవు వేగం పడిపోకుండా, ఆయుష్షు తగ్గకుండా ఉండడానికి పెట్టిన ఏర్పాటిది.

ఫొటోగ్రాఫర్ ‘అవును’ అన్న కొద్దిసేపట్లోనే ఈ కబురు డ్రైవుకు చేరిపోయింది. ఏ చిరునామాలోని డేటా ఏ చిప్పులో, ఏ పేజీలో ఉందో రాసుకున్న పట్టిక కంట్రోలర్ దగ్గర ఉంటుంది. ట్రిమ్ రాగానే ఆ ఫొటోల వరుసలు పట్టికలోంచి ఎగిరిపోయాయి. ఆ తర్వాత ఎవరు ఆ చిరునామా అడిగినా ఇప్పటి డ్రైవుల్లో చాలావరకు చిప్పు ముఖం కూడా చూడకుండా సున్నాలు చేతిలో పెడతాయి. రాత్రంతా నడిచిన డీప్ స్కాన్ ఎంత డీపుగా వెళ్లినా ఆ చోట అందుకున్నవి ఈ సున్నాలే. మరి పేర్లెలా వచ్చాయంటే, అవి ఫొటోల్లో ఉండవు. విండోస్ ఫైలు వ్యవస్థ వాటిని మాస్టర్ ఫైల్ టేబుల్‌లో విడిగా దాచుకుంటుంది, ట్రిమ్ దాని జోలికి పోదు. ఇంకో విడ్డూరం: కొన్ని వందల బైట్లే ఉన్న బుల్లి ఫైలు మొత్తం ఆ టేబుల్‌లోనే ఇమిడిపోతుంది. అంటే పెళ్లి పోయినా, నోట్‌ప్యాడ్‌లో రాసుకున్న కిరాణా చిట్టా దొరకొచ్చు.

ఇక్కడ దుకాణంలో రెండో వీరుడు లేస్తాడు: చిప్పు ఊడదీసి చదివేస్తామంటాడు. ఊడదీయొచ్చు. ఇప్పటి కంట్రోలర్లు డేటాను కలగాపులగం చేసి, చాలాసార్లు ఎన్‌క్రిప్ట్ కూడా చేసి, ముక్కలుగా వేర్వేరు చిప్పుల్లో పంచి రాస్తాయి. కంట్రోలర్‌ను వదిలి చిప్పును పట్టుకుంటే చేతికొచ్చేది అర్థంకాని రొద. బ్లాకు అప్పటికే చెరిగిపోయి ఉంటే అదీ లేదు. కొన్ని రకాల కంట్రోలర్లను ఫ్యాక్టరీ మోడ్‌లోకి తీసుకెళ్లి, ఇంకా చెరగని పేజీలను పట్టుకోగల పరికరాలు పెద్ద ల్యాబుల్లో ఉన్నమాట నిజమే. దానికి డిలీట్ అయిన వెంటనే కరెంటు తీసేసి ఉండాలి. మన దుకాణం చేసిందేమిటి? డ్రైవుకు రాత్రంతా కరెంటిచ్చి, చెరపడానికి కావలసినంత తీరిక కల్పించింది. రికవరీ పేరుతో చేసిన పారిశుధ్యమది.

ఇదేమీ కొత్తగా బయటపడిన రహస్యం కాదు. ఆస్ట్రేలియాలోని మర్డాక్ విశ్వవిద్యాలయంలో గ్రేమ్ బెల్, రిచర్డ్ బాడింగ్టన్ 2010లోనే దీన్ని ప్రయోగం చేసి చూపారు. ఒక హార్డ్ డిస్కునూ ఒక ఎస్‌ఎస్‌డీనీ ఫైళ్లతో నింపి, విండోస్ ఎక్స్‌పీలో క్విక్ ఫార్మాట్ కొట్టారు. ఎక్స్‌పీకి ట్రిమ్ పంపడమే రాదు. అయినా నిమిషాల్లో ఎస్‌ఎస్‌డీ తనంతట తానే ఫైళ్లను దాదాపు పూర్తిగా తుడిచేసుకుంది. రాతను అడ్డుకునే ఫోరెన్సిక్ పరికరం మధ్యలో పెట్టినా ఆగలేదు, తుడిచేది బయటి కంప్యూటర్ కాదు కదా. నేరపరిశోధకులకే దొరకనిది సందు చివరి దుకాణానికి దొరుకుతుందట.

అలాగని బోర్డు మొత్తం అబద్ధం కాదు. మెమరీ కార్డులకు, పెన్ డ్రైవులకు మామూలు వాడకంలో ట్రిమ్ కబురు అందదు. కొన్ని పాత యూఎస్‌బీ పెట్టెల్లో పెట్టిన ఎస్‌ఎస్‌డీకీ అంతే, మధ్యలోని చిప్పే దాన్ని మింగేస్తుంది. ఉబుంటు మామూలుగా వారానికొకసారే ట్రిమ్ నడుపుతుంది, కాబట్టి అక్కడ కొంత గడువుంటుంది. రీసైకిల్ బిన్‌లో ఉన్నదైతే అసలు డిలీటే కాలేదు. దుకాణాలవాళ్లు చెప్పుకునే విజయగాథలు ఎక్కువగా ఈ కోవలోవే, వాటిని చూపించి ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీకి కూడా అదే హామీ అమ్ముతున్నారు. పెళ్లి ఫొటోగ్రాఫర్ ఆశ కూడా ల్యాప్‌టాప్‌లో లేదు, కెమెరా కార్డులో ఉంది. దాని మీద మరో పెళ్లి తీసి ఉండకపోతే, కెమెరాలో లో లెవెల్ ఫార్మాట్ కొట్టి ఉండకపోతే.

మీ యంత్రంలో ట్రిమ్ నడుస్తోందో లేదో విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ హక్కులతో ఈ ఒక్క లైను కొడితే తెలుస్తుంది:

```
fsutil behavior query DisableDeleteNotify
```

జవాబులో 0 వస్తే ట్రిమ్ నడుస్తున్నట్టు. ఆపు అన్నది ఆపి ఉందని దాని భాష, కంగారు పడొద్దు. 0 వచ్చిన ల్యాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌డీ మీద ఎవరైనా వంద శాతం అంటే, పేర్ల జాబితా చూసి జేబులో చెయ్యి పెట్టకండి. ఒక్క ఫొటో తెరిచి చూపించమనండి. పెళ్లికూతురి ముఖం కనిపించాకే డబ్బులివ్వండి.