చదరాలు కూడితే రోజులు రావు

మా రోజుల్లో బేల్దారి మేస్త్రీ ఇంటికొస్తే ముందు చేతిలో టేపు తీసేవాడు కాదు. ఇసుక ఎక్కడ పోశారు, నీళ్లు ఎంత దూరం, కింద అందించే ఆళ్లు ఎవరు అని అడిగేవాడు. తర్వాత తలుపులు లెక్కపెట్టేవాడు. ఆ తర్వాతే కొలత. ఇప్పటి పిల్లలు వాకిట్లోనే ఫోన్ తీస్తారు, పొడవు వెడల్పు కొడతారు, మనిషికి రోజుకు ఇంత అని భాగిస్తారు, ‘మూడు రోజులు’ అంటారు. ఆ మూడు రోజులు ఎప్పుడూ రెండో వారంలోకి పోతాయి. అప్పుడు తప్పు సిమెంటుదని, కరెంటుదని, అమావాస్యదని చెబుతారు. భాగహారానిది మాత్రం కాదట.

మా చోరనూరులో ఈమధ్య ఒక ఇంటికి టైల్స్ వేయించారు. ఒప్పుకున్న కుర్రాడు నా ఎదుటే లెక్క చెప్పాడు. ‘తాతా, గదుల నేల 762 అడుగులు. రెండు బాత్రూముల నేల 70, వాటి గోడలు 300. మొత్తం 1132. మనిషికి 100, మేం నలుగురం. మూడు రోజుల్లో అప్పజెప్తాం.’ చూడటానికి లెక్కలో తప్పేమీ లేదు. అదే దాని పెద్ద తప్పు.

ముందు ఆ నలుగురి సంగతి చూడండి. అందులో టైల్ పరిచే మేస్త్రీలు ఇద్దరే. మిగిలిన ఇద్దరు మాలు కలిపి, మోసి, పెట్టెలు అందించేవాళ్లు. టైల్ పరిచేది మేస్త్రీ చెయ్యి, కానీ దాన్ని ఆగకుండా నడిపేది పక్కనున్న ఆళ్లు. అందుకే మేం మనిషిని లెక్కపెట్టే వాళ్లం కాదు, జతను లెక్కపెట్టేవాళ్లం. మేస్త్రీ, ఒక ఆళు కలిసి ఒక జత. ఇసుక కుప్ప వీధి చివర ఉంటే అదే జత పని తగ్గుతుంది, మేస్త్రీ తాపీ పట్టుకుని కూర్చుని గమేలా కోసం చూస్తుంటాడు. నలుగురికీ తలా వంద రాసుకున్నవాడు సగం పనిని గాలిలోంచి పుట్టించాడు. జతకు వంద చొప్పున సరిచేస్తేనే లెక్క దాదాపు ఆరు రోజులకు చేరింది.

అయినా ఇంకా తప్పే. ఎందుకంటే రెండు అడుగుల పెద్ద టైల్ హాల్లో పరవడం ఒక పని, బాత్రూము గోడకు అతికించడం ఇంకో పని. రెండిటికీ చదరపు అడుగు ఒకటే గానీ ఆ అడుగు తినే పూట వేరు. హాల్లో మంచి జత రోజుకు 120 అడుగుల దాకా వేస్తుంది. బాత్రూము గోడ దగ్గర అదే జత 60 దాటితే గొప్ప. కుళాయి గొట్టాల చోట రంధ్రం కొయ్యాలి, మూలల్లో ముక్కలు కొయ్యాలి, ప్రతి వరసకూ రసమట్టం పెట్టి చూడాలి. ఇక బాత్రూము నేల మరీ ఘోరం. నీళ్లు జాలీ వైపుకు జారేలా వాలు తియ్యాలి, టైల్ చిన్నది, నాలుగు వైపులా కోతే. 40 అడుగులు అవుతుందంటే నేను నమ్ముతాను, 100 అంటే నమ్మను.

కాబట్టి చదరాలు కూడకూడదు. ఏ పనికి ఆ పని విడిగా భాగించి, వచ్చిన రోజులు కూడాలి. ఆ ఇంటికే చెబుతాను. గదుల నేల 762, రెండు జతలు రోజుకు 240 వేస్తే మూడు రోజుల పైన కొంచెం. బాత్రూము గోడలు 300, రోజుకు 120, అంటే రెండున్నర. బాత్రూము నేలలు 70, రోజుకు 80, కాబట్టి ఇంచుమించు ఒక రోజు. ఇక కుర్రాడు మరిచిన స్కర్టింగ్ ఉంది. గోడ అడుగున నాలుగు అంగుళాల పట్టీ. గదుల చుట్టుకొలతలు కూడి తలుపులు తీసేస్తే 210 అడుగుల పొడవు వచ్చింది. చదరంలో చూస్తే 70 అడుగులే, అతని లెక్కలో పూటకు కూడా రాదు. కానీ పట్టీని పొడవుతోనే కొలవాలి. ప్రతి ముక్కా కోయాలి, జత రోజుకు వంద అడుగులు నడిపిస్తే బాగా చేసినట్టే. అదొక రోజు.

పని మొదలయ్యే రోజు సగం పూట టైల్ పడదు. నీళ్ల గొట్టంతో మట్టం గుర్తులు పెట్టి, దారం కట్టి, కోత ముక్క గుమ్మం ఎదురుగా పడకుండా ఒక వరస పొడిగా పరిచి చూస్తారు. అది వృథా అనుకునేవాడికి హాలు చివర్లో వేలెడు ముక్క మిగులుతుంది. ఆఖర్న సందులు నింపి తుడవడానికి ఒక రోజు. అన్నీ కలిపితే తొమ్మిది. మూడు కాదు. పని నిజంగా ముగిసింది ఎన్నో రోజునో నేను రాయను, ఆ కుర్రాడు ఇంకా నాకు నమస్కారం పెడుతున్నాడు.

మరి రెట్టింపు మందిని పెడితే సగం రోజులవుతుందా? బడి పుస్తకంలో అవుతుంది. ఐదడుగులు ఏడడుగుల బాత్రూములో ఇద్దరు మేస్త్రీలు కూర్చుంటే ఒకరి మోచెయ్యి ఇంకొకరి టైల్‌ను కదుపుతుంది. ఒక్కో బాత్రూముకు ఒక్కో జతే. గోడ, నేల కలిపి మూడున్నర రోజులు అక్కడే గడుస్తాయి, ముందు అరపూట, వెనక సందుల రోజు కలిస్తే ఐదు. ఆ ఇంట్లో ఊరు ఊరంతా దిగినా అంతకన్నా తగ్గదు. ఇటుక గోడదీ అదే కథ. పచ్చి గోడను రోజుకు ఐదడుగులకు మించి లేపకూడదు, కింది వరసల సందులు నలిగి గోడ వంగుతుంది. పది అడుగుల గోడకు ఎంతమందిని దించినా ఒక్కరోజులో అవదు. పైగా తలపైకి వెళ్లాక సారవ కట్టాలి, ఇటుక పైకి అందాలి, పొద్దుటి పని సాయంత్రం సాగదు.

మా రోజులు అన్నిట్లో గొప్పవని నేననను. తాడిపత్రి బండలు పరిచిన రోజుల్లో బండ బండకూ మందం వేరు, అడుగున మాలు పెంచి తగ్గించి కొట్టేసరికి నడుము విరిగేది. ఇప్పటి టైల్ అన్ని వైపులా సమానం, కోత యంత్రం వచ్చింది. అందుకే జత పని పెరిగింది, అది నిజం. కానీ పెరిగిందని చెప్పేవాళ్లలో కొందరు టైల్ అడుగున నిండా మాలు పరవకుండా నాలుగు మూలల్లో నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టి మూసేస్తారు. అలా వేస్తే 200 అడుగులు కూడా వేయొచ్చు. రెండు రోజుల తర్వాత రూపాయి బిళ్లతో టైల్ మీద తట్టండి. నిండుగా ఉంటే గట్టి శబ్దం, ఖాళీ ఉంటే డబ్బా మోత. మోత వచ్చిన చోట బీరువా కాలు పెడితే పగులుతుంది. అలాంటి టైళ్లు పది తీసి మళ్లీ వేయడానికి ఒక జతకు పూట పైనే పడుతుంది, అది ఎవరి ఫోన్ లెక్కలోనూ ఉండదు.

ఇంకో పాపం ఇంటివాళ్లది. గృహప్రవేశం ముహూర్తం ముందే పెట్టించుకుని, మేస్త్రీని పిలిచి ‘ఆ లోపల అవుతుందా’ అని అడుగుతారు. అవుతుందనేవాడికే పని. మా బళ్లారి ఎండలో మధ్యాహ్నం మాలు తట్టలోనే బిగుసుకుంటుంది, రెండు నుంచి నాలుగు దాకా ఎవడి చెయ్యీ ఆడదు. ఇది తెలిసినవాడు తొమ్మిది అంటాడు, పని పోగొట్టుకుంటాడు. మూడు అన్నవాడు అడ్వాన్సు తీసుకుంటాడు.