వాన పేరు, కుళాయి నీరు

మాది నల్లగొండ. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయిన ఊళ్ల పక్కన పెరిగినవాణ్ణి. డబ్లిన్‌కొచ్చిన కొత్తలో ఇక్కడి కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్‌ను సర్కారే కలుపుతుందని ఫోన్లో చెప్తే, అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "ఏందిరా, పైసలు పెట్టి కలుపుతరా?"

కలుపుతారమ్మా. 1964 నుంచి, చట్టం పెట్టుకుని మరీ. పళ్లు పుచ్చకూడదని లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీగ్రాముల మధ్య. మోతాదు తక్కువే కాబట్టి నాకు దాంతో పేచీ లేదు. పైగా ఒక విశ్వవిద్యాలయం గుట్టు రట్టు చేసింది ఆ ఫ్లోరైడే.

ఆ విశ్వవిద్యాలయం పేరు అనవసరం. అక్కడ ఒక పెద్ద తరగతి భవనంలో ప్రతి మరుగుదొడ్డి తలుపు మీదా ఆకుపచ్చ ఫలకం ఉంటుంది: 'ఈ ఫ్లష్ వాన నీటితో నడుస్తుంది'. పక్కన ఒక నీటిబొట్టు బొమ్మ, నవ్వుతూ. నేను పంపుల వ్యవహారం చూడ్డానికి వెళ్లినవాణ్ణి. అలవాటు కొద్దీ సిస్టర్న్ మూత ఎత్తి సీసాలో నీళ్లు పట్టి పరీక్ష చేయించాను. ఫ్లోరైడ్ 0.66 వచ్చింది. అదే భవనంలో తాగే కుళాయిది 0.70. ఆకాశం నుంచి పడే నీళ్లలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. ఐర్లండ్ మేఘాలకు పళ్ల మీద అంత శ్రద్ధ లేదు. కాబట్టి లెక్క ఇంటర్ పిల్లాడైనా చేస్తాడు: ఆ ఫ్లష్‌లో వాన నీరు వందకు ఆరు పాళ్లు. మిగతా తొంభై నాలుగూ ఇక్కడి నీటి సంస్థ ఊష్కా ఏరన్ వారి శుద్ధజలం. బొమ్మ మాత్రం నవ్వుతూనే ఉంది.

కారణం వెతకడానికి అరగంట పట్టలేదు. వాన పడనప్పుడు దొడ్లు ఎండకూడదు గనక, ప్రతి వాన ట్యాంకుకూ మెయిన్స్ నుంచి ఒక ఆసరా గొట్టం ఉంటుంది. దాని ఫ్లోట్ స్విచ్‌ను అడుగున పెట్టాలి. ట్యాంకు ఖాళీ అవబోతుంటే ఒక పూటకు సరిపడా మాత్రమే మెయిన్స్ నీళ్లు వదలాలి. మిగిలిన జాగా అంతా వానకు. ఇక్కడ ఫ్లోట్ ట్యాంకు మెడ దగ్గర వేలాడుతోంది. అడుగున ఉన్నప్పుడు శని ఆదివారాల్లో 'నీటిమట్టం తక్కువ' అని అలారం మోగుతోందట, ఎవరో పైకి జరిపారు. అప్పట్నుంచి అలారం లేదు, వానా లేదు. మేఘం వచ్చేసరికి ట్యాంకు కుళాయి నీళ్లతో నిండుకుండ. వచ్చిన వాన వచ్చినట్టే పొంగుగొట్టంలోంచి డ్రైన్‌లోకి పోయింది. దొడ్లు ఎలాగూ పనిచేస్తున్నాయి కాబట్టి ఫిర్యాదు చేసేవాడు లేడు. ఈ యంత్రాంగంలోని గొప్పతనం అదే, పాడైనా బాగానే ఉంటుంది.

సరే, ఫ్లోట్ దించితే ఫలకం నిజమవుతుందా? కాదు. ఇక్కడే బ్రోచర్ రాసే పండితుల గణితం గురించి చెప్పాలి.

డబ్లిన్‌లో ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్ల వాన. ఆ భవనం కప్పు రెండు వేల చదరపు మీటర్లు. కప్పు తాగేసేది, ఫిల్టర్ వదిలేసేది తీసేస్తే 2000 × 0.75 × 0.8 × 0.9 = 1080 ఘనపు మీటర్లు. రోజుకు మూడు. ఇక వాడకం: రోజుకు పదిహేను వందల మంది, తలకు రెండు ఫ్లష్‌లు, ఫ్లష్‌కు అయిదు లీటర్లు అనుకుంటే పదిహేను ఘనపు మీటర్లు. వారానికి ఆకాశం ఇచ్చేది 21, అయిదు పనిదినాల్లో పిల్లలు వదిలేది 75. దేవుడే వచ్చి ఫ్లోట్ సరిచేసినా తరగతులు జరిగే వారంలో వాన వాటా పావు వంతు చిల్లర. ఫలకం మీద 'ఈ ఫ్లష్‌లో పావు వంతు' అని రాయడానికి నీటిబొట్టుకు మొహమాటం కాబోలు.

మరి ట్యాంకు ఎంత కట్టారు? మూడు వందల ఘనపు మీటర్లు. "ఐర్లండ్‌లో రోజూ వానే కదా, పెద్దది కడితే మంచిది" అని కమిటీలో ఒకాయన అన్నారట. అసలు రోజూ వాన పడే ఊళ్లో చిన్న ట్యాంకు చాలు. పెద్దది కావలసింది నాలుగు నెలలు కురిసి ఎనిమిది నెలలు మొహం చాటేసే మన ఊళ్లో. పాత బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 8515లో సులువైన సూత్రం ఉండేది: ఏడాది రాబడి, ఏడాది వాడకం, ఈ రెంటిలో ఏది తక్కువో దానిలో అయిదు శాతం. ఇక్కడ రాబడే తక్కువ, అంటే 54 ఘనపు మీటర్లు. మిగతా 246 దేనికి? వేసవి సెలవుల పదహారు వారాల వాన నింపుకోవడానికి. సెప్టెంబరులో పిల్లలు తిరిగొచ్చి అయిదారు వారాల్లో ఊడ్చేస్తారు. అంత కాంక్రీటుకు పని ఏడాదికి ఒక్కసారి. మా ఊళ్లో పెళ్లికి మాత్రమే దించే అండాకు ఇంతకంటే డ్యూటీ ఎక్కువ.

ఈ భవనానికి వంద మీటర్ల దూరంలో ఆటల హాలు ఉంది. కప్పు నాలుగు వేల చదరపు మీటర్లు, లోపల బంతి కొట్టేవాళ్లు ఓ అరవై మంది. వారానికి 42 ఘనపు మీటర్ల వాన అక్కడ నేరుగా డ్రైన్‌లోకి పోతుంది. ఒక కాలువ తవ్వి ఆ గొట్టం ఇటు తిప్పితే వారానికి 63 అవుతుంది, 75కి దగ్గరగా. కానీ గొట్టం నేల కిందుంటుంది, రిబ్బన్ కత్తిరించడానికి వీలుండదు. అందుకే క్యాంపస్‌లోని కప్పులన్నీ కూడి, మనుషులందర్నీ కూడి, భాగించి 'ఎనభై శాతం స్వావలంబన' అని నివేదికలో వేస్తారు. ఆటల హాలు కప్పు మీది వాన తరగతి భవనం దొడ్లోకి నడిచి వెళ్తుందని వారి నమ్మకం.

శుద్ధి సంగతి ఇంకా ముచ్చట. ఫ్లష్‌కు కావలసింది ఆకులు ఆపే జల్లెడ, అడుగు మడ్డి కదలకుండా నెమ్మదిగా దింపే గొట్టపు వంపు, పై మట్టానికి కాస్త కింద నుంచి పీల్చే తేలే గొట్టం. ఇక్కడ నేల కింద నీళ్లు చల్లగా ఉంటాయి, బ్యాక్టీరియాకు అంత హుషారుండదు. ఆ మూడింటి మీద శ్రద్ధ పెట్టకుండా వీళ్లు అతినీలలోహిత దీపం బిగించారు. మరి కప్పు? దాని మీద పచ్చగా మొక్కలు పెంచారు, అదో ఆకుపచ్చ పతకం. మట్టి నానిన నీళ్లు టీ రంగులో దిగుతాయి, ఆ రంగులోంచి దీపం వెలుతురు పోదు. పైగా గిన్నెలో గోధుమరంగు చూసి ముందువాడు ఫ్లష్ చేయలేదనుకుని పిల్లలు రెండోసారి నొక్కుతారు. మొక్కలు తాగేసేది పోతే నేను వేసిన 0.8 కూడా ఎక్కువే. పై లెక్క వాళ్ల మీద దయతో వేసింది.

ఒకటి చెప్పాలి, ఫ్లోట్ మెడ దగ్గర ఉన్నన్నాళ్లూ ఈ టీ గొడవ లేదు. నీళ్లు స్ఫటికంలా ఉన్నాయి. తొంభై నాలుగు పాళ్లు కుళాయివి కదా.

ఫ్లోట్ దించమన్నాను, దించారు. ఆసరా గొట్టానికి మీటరు కూడా పెట్టమన్నాను. అది తిరిగిన నీళ్లు వాడకంలోంచి తీసేస్తే మిగిలిందే వాన, పరీక్ష సీసాలు అక్కర్లేదు. నిర్వహణ చూసే పెద్దమనిషి మంచివాడు, టీ కూడా ఇచ్చాడు. కప్పు వైశాల్యాన్ని వానతో గుణించి నివేదికలో వేసే అంకె తెరిచి చూపించి, ఇబ్బందిగా నవ్వాడు.

"మీటరు పెడితే ఇది తగ్గిపోతుంది కదండీ?"