ఇంటికి పదకొండు నెలలు, మనిషికి ఏడు జన్మలు

గచ్చిబౌలిలో రెండు గదుల ఫ్లాట్ అద్దెకు అడిగి చూడండి. ఓనరు పదకొండు నెలలకే కాగితం రాయిస్తాడు. ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలని 1908 నాటి చట్టం చెబుతుంది, ఆ ఖర్చూ ఆ తిరుగుడూ ఎవరికి కావాలి? ఉద్యోగంలో చేరితే మొదట ప్రొబేషన్. క్లయింటుకు తేదీ చెప్పాల్సివస్తే, పని రెండు వారాలదైతే నాలుగు వారాలంటాం. ఇంత ఆచితూచి బతికే సైబరాబాద్ కుర్రాడు, ఐదు నెలల కింద పరిచయమైన అమ్మాయి పుట్టినరోజు వచ్చేసరికి, రాత్రి పన్నెండింటికి ఫోన్లో ఏడు జన్మలు రాసిచ్చేస్తాడు. స్టాంపు పేపరు కూడా అడగడు.

1955 నాటి హిందూ వివాహ చట్టం సైతం, సప్తపది ఆచారం ఉన్నచోట ఏడో అడుగు పడ్డాకే పెళ్లి పూర్తయినట్టు అంటుంది. మనవాడు ఇనార్బిట్ మాల్లో ఎస్కలేటర్ తప్ప ఆమెతో కలిసి ఇంకే మెట్టూ ఎక్కలేదు. అయినా 'నువ్వు లేకపోతే నేను లేను' అని రాస్తాడు. మొన్న ఏప్రిల్‌లో ఆమె లేదు, ఇతను ఉన్నాడు, అప్రైజల్ గురించి ఏడుస్తూ శుభ్రంగా తిరిగాడు.

ఇందులో అబద్ధం ఉందని కాదు నా బాధ, ప్రేమలో కాస్త కోత అందరూ కోస్తారు. ఆ కోతకు బిల్లు పుట్టినరోజు మనిషి చేతికి వెళ్తోందే, అదీ సంగతి. ఆ రాత్రి ఆమె పరిస్థితి ఎలా ఉంటుందంటే, అమెరికాలో పగలు కాబట్టి మైండ్‌స్పేస్‌లో ఆమె క్లయింట్ కాల్‌లో ఉంటుంది. ఫోన్ వణుకుతుంది. తెరిస్తే వాట్సాప్ సగం చూపించి, మిగతాది 'రీడ్ మోర్' కింద దాచిన సందేశం. దాన్ని నొక్కితే ప్రపంచం నువ్వే, ప్రాణం నువ్వే, రేపటి మన ఇల్లు, మన పిల్లలకు పేర్లు. ఇప్పుడామె ఏం రాయాలి? 'థాంక్యూ' అంటే మనసు లేనిదవుతుంది. 'నాకూ అంతే' అంటే ఇంకా తేల్చుకోని సంగతి మీద సంతకం పెట్టినట్టవుతుంది. ఇక్కడ ఇతని తెర మీద 'టైపింగ్' అని వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. సందేశం బరువెక్కిందనడానికి అంతకన్నా గుర్తు అక్కర్లేదు. చివరికి మూడు గుండె బొమ్మలొస్తాయి. మనవాడు వాటిని తెల్లారేదాకా లెక్కపెడతాడు.

పంపిన మాట సరిదిద్దుకోవడానికి వాట్సాప్ ఇచ్చేది 15 నిమిషాలు. ఏడు జన్మలకు అదేం చాలుతుంది?

కొందరికి ఇది కూడా చాలదు, ఊరంతటికీ తెలియాలి. అర్ధరాత్రి హాస్టల్ గేటు ముందు కేకు, బెలూన్లు. మాదాపూర్ లేడీస్ హాస్టల్లో గేటు ఎప్పుడో మూసేశారు. వాచ్‌మన్ లేచాడు, వార్డెన్ లేచింది, నాలుగో అంతస్తులో కర్టెన్లు కదిలాయి. లేకపోతే దుర్గం చెరువు కేబుల్ వంతెన. 2020 సెప్టెంబరులో తెరిచినప్పటి నుంచీ అది దారి అనే సంగతి జనం మరిచిపోయారు. నడిమధ్య బండ్లు ఆపొద్దని పోలీసులు చెబుతూనే ఉంటారు, బానెట్ల మీద కేకులు తెగుతూనే ఉంటాయి. పొద్దున్నే ఇద్దరి ఫొటో స్టేటస్‌లో. అది 24 గంటల్లో మాయమవుతుంది నిజమే, నరసరావుపేటలో ఆమె పెద్దనాన్న కూతురు చూడ్డానికి మాత్రం ఒక్క నిమిషం చాలు. ఇంట్లో తన నోటితో ఎప్పుడు ఎలా చెప్పుకోవాలో ఆమె లెక్కేసుకుంటూ ఉంటే, ఇతను బెలూన్లతో ప్రకటన ఇచ్చేశాడు. పుట్టినరోజు సాయంత్రమంతా ఆమె ఇంటి ఫోన్లకు సమాధానాలు చెప్పుకుంటూ గడుపుతుంది.

ఇదంతా చూసి జాగ్రత్తపడిన జాతి ఇంకొకటుంది. వీళ్లు మరీ ప్రమాదం. 'మనం ఎటు వెళ్తున్నామో నాకు స్పష్టత లేదు, నేనేమీ మాటివ్వలేను, నువ్వు ఏమీ ఆశించకు, అయినా హ్యాపీ బర్త్‌డే' అని రాస్తారు. మాటివ్వొద్దన్నాం గానీ, షరతులు వర్తిస్తాయని అచ్చేసి పంపమనలేదు కదా. లేదా 'మెనీ మోర్ హ్యాపీ రిటర్న్స్' అని ఒక్క ముక్క కొడతారు. అది పొద్దున తొమ్మిదింటికి హెచ్‌ఆర్ నుంచి బుడగల బొమ్మతో ఎలాగూ వస్తుంది.

మరి ఏం రాయాలి? ఒక కుర్రాణ్ని ఊహించుకోండి. కొండాపూర్ పీజీలో ఉంటాడు, పరిచయం మే నెలలో, ఆమె పుట్టినరోజు అక్టోబరులో. ఇరవై వరుసల చిత్తుప్రతి రాసి, వరంగల్ నుంచి వచ్చిన రూమ్మేట్‌కి చూపించాడు. అతను చదివి, 'గింత రాసినవ్ గదరా, ఇండ్ల ఆమె ఏడుంది?' అన్నాడు. నిజమే, ఇరవై వరుసల్లోనూ 'నేను', 'నాకు', 'నా' తప్ప ఆమె లేదు. పేరు మారిస్తే అదే సందేశం ఎవరికైనా సరిపోతుంది.

ఇక కోత మొదలైంది. 'ఎప్పటికీ' ఉన్న వరుసలన్నీ పోయాయి. 'నువ్వూ ఇలాగే అనుకుంటున్నావా?' అనే ప్రశ్న పోయింది, పుట్టినరోజున మనిషికి పరీక్ష పెట్టరు. పెళ్లి, పిల్లలు, గోవా అన్నీ పోయాయి. గోవా ఎందుకంటే లీవులు లేవు. 'ప్రేమిస్తున్నాను' దగ్గర ఇద్దరూ ఆగారు. అది ఇదివరకే నోటితో ఒకరికొకరు చెప్పుకున్న మాటైతే ఉండనివ్వొచ్చు, మొదటిసారి చెప్పడానికి మాత్రం ఈ రోజును వాడుకోకూడదని రూమ్మేట్ వాదం. పుట్టినరోజు అనగానే అవతలి మనిషికి కాదనే వీలు తగ్గిపోతుంది కదా. మనవాడు ఇంకా చెప్పలేదు, తీసేశాడు. పోయినవాటి స్థానంలో ఆమె చేసిన ఒక పని, ఈ ఒక్క ఏడాదికి సరిపడా కోరిక, తప్పితే నొప్పి లేని చిన్న పిలుపు చేరాయి. మిగిలింది ఇదీ:

'హ్యాపీ బర్త్‌డే! జూలైలో కొత్తగూడ సిగ్నల్ దగ్గర వానలో తడుస్తూ ఆటో అతనితో నలభై రూపాయల కోసం పోట్లాడి, దిగేటప్పుడు ఇరవై ఎక్కువిచ్చావు చూడు, అది గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. నీతో గడిపిన సాయంత్రాలన్నీ నాకు బాగున్నాయి. ఈ ఏడాది నీకు రాత్రి కాల్స్ తగ్గి నిద్ర పెరగాలి. శనివారం వీలైతే బిర్యానీ నాది, కాకపోతే ఇంకోవారం. ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడుకో, జవాబుకి తొందరేం లేదు.'

పంపే ముందు రూమ్మేట్ ఒకటే అడిగాడు. 'దీనికామె ఉత్త థాంక్యూ అంటే నీకు ఏడుపొస్తదా?' మనవాడు కాసేపు ఆలోచించి, రాదన్నాడు. 'అయితే కొట్టు.' ఇరవై వరుసల పాత ప్రతి గురించి అడిగి ఉంటే ఆ జవాబు వచ్చేది కాదు, అందుకే ఈ ప్రశ్న పంపాక కాకుండా పంపకముందే వేసుకోవాలి. పన్నెండింటికి కొట్టలేదు కూడా, ఆ వేళకి ఆమెకు రిలీజ్ ఉందని తెలుసు. పొద్దున ఏడున్నరకి పంపి, ఫోన్ జేబులో పెట్టుకుని రాయదుర్గం మెట్రో ఎక్కాడు.

లంచ్ టైముకి జవాబొచ్చింది. 'ఇరవై కాదు, ముప్పై ఇచ్చా. లెక్క సరిగ్గా రాయి. శనివారం అమ్మావాళ్లు వస్తున్నారు, ఆదివారం పెట్టుకుందాం. మిర్చీ కా సాలన్ వేరేగా చెప్పించాలి.'