కుంజరం బ్యాకప్‌లో ఉంది సార్

కురుక్షేత్రంలో ధర్మరాజు అబద్ధం ఆడలేదు. అశ్వత్థామ చచ్చాడని గట్టిగా చెప్పి, చచ్చింది ఏనుగన్న సంగతి ద్రోణుడికి వినపడనంత మెల్లగా అన్నాడు. ఈ రోజుల్లో పుట్టి ఏ ఐటీ కంపెనీలోనో ప్రోగ్రామ్ మేనేజరై ఉంటే ఆ మాత్రం గొంతు తగ్గించే శ్రమ కూడా ఉండేది కాదు. మొదటి మాట మెయిన్ డెక్‌లో మూడో స్లైడు, రెండో మాట బ్యాకప్‌లో నలభై నాలుగో స్లైడు. రథం భూమికి దిగేదీ కాదు, మనస్సాక్షి కుంగేదీ కాదు.

మెయిన్ డెక్ పొట్టిగా ఉండాలన్న సూత్రంతో నాకు పేచీ లేదు. గంట సేపటి మీటింగ్‌కు అరవై స్లైడ్లు పట్టుకెళ్లేవాడు నిర్ణయం అడగడానికి కాదు, నిద్రపుచ్చడానికి వెళ్తాడు. పన్నెండు పదిహేను స్లైడ్లలో విషయం చెప్పి, లెక్కల వివరాలు వెనక పెట్టుకోవడం మంచి పద్ధతే. పేచీ అల్లా ఏది ముందుంటుంది, ఏది వెనక్కి పోతుంది అన్నది తేల్చే తీరుతోనే.

ఆ తీరు చూడండి. మీటింగ్‌కు రెండు రోజుల ముందు డ్రై రన్ జరుగుతుంది. ఒక్కో స్లైడూ తెర మీదికి వస్తుంది. పచ్చ రంగు స్లైడు వస్తే అందరూ తలాడిస్తారు. ఎర్ర రంగో, పసుపో కనిపించిన మరుక్షణం గదిలో సాహిత్య విమర్శ మొదలవుతుంది. "ఇది మరీ డీటెయిల్ అయిపోయింది." "స్టోరీ ఫ్లో ఇక్కడ దెబ్బతింటోంది." "ఇప్పుడు ఎందుకండీ, అడిగితే చూపిద్దాం." చివరి మాటతో ఆ స్లైడు తలరాత ఖాయమవుతుంది. అడగాలంటే అది ఉందని తెలియాలి కదా అని ఎవరూ అడగరు. ఇంతలో టీమ్ అంతా ఒకే రంగు టీషర్టుల్లో దిగిన ఫోటో మాత్రం మెయిన్ డెక్‌లో నిక్షేపంగా ఉంటుంది. అది మరీ డీటెయిల్ అని ఇంతవరకు అన్నవాణ్ణి నేను చూడలేదు.

ఇక ఆ వెనక్కి పోయిన స్లైడు ఎక్కడికి పోతుందో గమనించండి. థాంక్యూ స్లైడు తర్వాతికి. లోకంలో ఏ సభలోనైనా వందన సమర్పణ అయ్యాక జనం లేచి చెప్పులు వెతుక్కుంటారు. మన ప్రాజెక్టుల్లో మాత్రం నిజం వందన సమర్పణ తర్వాత, తొమ్మిది పాయింట్ల అక్షరాల్లో మొదలవుతుంది. ఇంకొంచెం ఆరితేరినవాళ్లు స్లైడ్ మీద రైట్ క్లిక్ చేసి 'హైడ్ స్లైడ్' నొక్కుతారు. ఫైల్లో ఉంటుంది, తెర మీద రాదు. పీడీఎఫ్ తీసేటప్పుడు దాచిన స్లైడ్లు వద్దనుకుంటే అందులోకీ రాదు. అయినా అది 'షేర్ చేసిన డెక్‌లో' ఉన్నట్టే లెక్క.

ఇందులో హాని ఏముంది, చిన్న చాతుర్యమే కదా అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క వేద్దాం. ఒక బ్యాంకు పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారుతోందనుకోండి. శనివారం రాత్రి 10 గంటలకు పాతది ఆపాలి, సోమవారం పొద్దున 6 గంటలకు కొత్తది నడవాలి. చేతిలో ఉన్నది 32 గంటలు. ఖాతాలన్నీ కొత్తదానిలోకి ఎక్కించి, పాత నిల్వలూ కొత్త నిల్వలూ సరిపోయాయో లేదో చూసే పనిని మూడుసార్లు రిహార్సల్ చేశారు. మొదటిసారి 41 గంటలు పట్టింది, రెండోసారి 34, మూడోసారి 29. నిజంగా మెచ్చుకోవలసిన పనే. మెయిన్ డెక్‌లో ఆరో స్లైడు ఇలా ఉంటుంది: రిహార్సల్స్ మూడుకి మూడు పూర్తి, చివరిదానికి పట్టిన సమయం హద్దుల్లోనే, రంగు పచ్చ. ఇందులో ఒక్క అక్షరమూ అబద్ధం కాదు.

మూడు రిహార్సల్స్‌కు పట్టిన గంటలు బ్యాకప్‌లో ముప్పై ఒకటో స్లైడులో ఉంటాయి. ఏదైనా తేడా వస్తే పాత సాఫ్ట్‌వేర్‌కు తిరిగి వెళ్లే రోల్‌బ్యాక్ ప్లాన్ నలభై నాలుగో స్లైడులో ఉంటుంది. దానికి పట్టేది 9 గంటలు. ఈ రెండు స్లైడ్లూ పక్కపక్కన పెట్టి చూసినవాడు ఒక్కడుంటే చాలు, గది చల్లబడేది. సోమవారం 6 గంటలకు బ్యాంకు ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌తో తెరుచుకోవాలంటే, వెనక్కి వెళ్లాలన్న నిర్ణయం 9 గంటలు ముందే, అంటే ఆదివారం రాత్రి 9 గంటలకే తీసుకోవాలి. అప్పటికి పని మొదలై 23 గంటలవుతుంది. ఇంకా 6 గంటల పని మిగిలే ఉంటుంది. ఆ మిగిలిన పనిలోనే నిల్వలు సరిచూడటం ఉంది. అంటే తప్పు బయటపడే వేళకు తిరిగి వెళ్లే దారి మూసుకుపోయి ఉంటుంది. సోమవారం తెల్లవారుజామున 3 గంటలకు తేడా కనిపించి వెనక్కి బయల్దేరితే, బ్యాంకు పాత సాఫ్ట్‌వేర్‌తో లేచేది మధ్యాహ్నం 12 గంటలకు. ఆ లోపు బ్రాంచి కౌంటర్ ముందు నిలబడ్డ పెన్షనర్‌కు ఏ స్లైడు చూపిస్తారో డెక్‌లో లేదు.

గమనించవలసింది ఇదీ. 32లో 29 అన్నది పచ్చే. తొమ్మిది గంటల్లో తిరిగి వెళ్లగలం అన్నదీ పచ్చే. రెండు పచ్చలు కలిపితే 38, చేతిలో ఉన్నది 32. ఎరుపు ఏ స్లైడులోనూ లేదు, రెండింటి మధ్యన ఉంది. బ్యాకప్ చేసే అసలు అన్యాయం ఇదే. కలిపి చదవాల్సిన అంకెలను విడదీసి, రెండింటి మధ్య పదమూడు స్లైడ్ల దూరం పెడుతుంది. ఒక్కోసారి దీని వెనక ఎవరి కుట్రా ఉండదు. ఎవరి స్లైడు వాళ్లు తయారు చేశారు, ఎవరికి వారు 'డీటెయిల్' అని వెనక్కి పంపారు, కూడిక మాత్రం ఎవరి బాధ్యతా కాలేదు. తిలా పాపం తలా పిడికెడు.

ఇది ఆఫీసు గొడవ మాత్రమే అనుకుంటే 2003కి వెళ్దాం. జనవరి 16న బయల్దేరిన కొలంబియా వ్యోమనౌక ఎడమ రెక్కకు, ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు నష్టాన్ని అంచనా వేసి నాసా అధికారులకు స్లైడ్లలో చెప్పారు. అందులో ఒక స్లైడు శీర్షిక చదివితే, పరీక్షల సమాచారం ధీమాగా ఉండమంటోందనే అనిపిస్తుంది. అదే స్లైడులో అట్టడుగున, చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, నౌకకు తగిలిందనుకున్నది 1920 ఘనపు అంగుళాలు. 640 రెట్లు! అంటే పైన చెప్పిన ధీమాకు కింద ఆధారమే లేదు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైంది, కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. ప్రమాదానికి ఆ స్లైడే కారణమని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. కానీ విచారణ బోర్డు తన నివేదికలో ఆ స్లైడును అచ్చువేసి, సమాచార చిత్రణ నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టే చేసిన విశ్లేషణతో సహా తప్పుబట్టింది. అక్కడ బ్యాకప్ అవసరం కూడా పడలేదు. పై వరుస నుంచి కింది వరుసకు దించితే చాలింది.

"మేం దాచలేదు, చూపించాం" అన్న వాదన ఎంత బోలుదో అకౌంటెంట్ల లోకానికి ఎప్పుడో తెలుసు. లాభాన్ని తమకు నచ్చినట్టు సర్దుకుని 'అడ్జస్టెడ్' అని పేరు పెట్టి చూపే కంపెనీలకు అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ 2003లో ఒక నిబంధన పెట్టింది. సర్దిన అంకె చూపినచోట, అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం వచ్చిన అసలు అంకెను అంతే ప్రముఖంగానో, అంతకన్నా ప్రముఖంగానో చూపాలని. అసలు అంకె నివేదికలో ఎక్కడో ఉంది కదా అంటే చెల్లదు. ఎక్కడుంది అన్నది కూడా చెప్పే విషయంలో భాగమే. మన గో-లైవ్ మీటింగులకు ఇలాంటి నిబంధన ఎవరూ పెట్టలేదు కాబట్టి మనమే పెట్టుకోవాలి.

కమిటీ పెద్దలు కూడా ఈ నాటకంలో ప్రేక్షకులు మాత్రమే కాదు. "నాకు మూడు స్లైడ్లలో చెప్పు, సమస్యలు కాదు, పరిష్కారాలు పట్టుకురా" అని హుకుం జారీ చేసేది వాళ్లే. ఎరుపు తెచ్చినవాణ్ణి అరగంట నిలబెట్టి, పచ్చ తెచ్చినవాణ్ణి ఐదు నిమిషాల్లో పంపించే గదిలో ఎరుపు వెనక్కి పోకుండా ఎలా ఉంటుంది? ఆరు నెలల తర్వాత అంతా తలకిందులైనప్పుడు "నాకెవరూ చెప్పలేదే" అని ఆశ్చర్యపోయేదీ వాళ్లే. అప్పుడు మేనేజరు వినయంగా "నలభై నాలుగో స్లైడు సార్" అంటాడు. ఇద్దరూ నిర్దోషులే.

మరి ఏది ఎక్కడుండాలి? డెక్ తెరవకముందే, ఈ మీటింగ్‌లో అడుగుతున్న నిర్ణయం ఏమిటో ఒక వాక్యంలో రాయండి. ఆ తర్వాత ఒక్కో స్లైడునూ ఒకే ప్రశ్న అడగండి: ఇది తెలిస్తే కమిటీ జవాబు మారే అవకాశం ఉందా? ఉంటే, ఎంత అందవికారంగా ఉన్నా అది ముందుకే. మారదు, కానీ "ఈ అంకె ఎలా వచ్చింది" అంటే చూపడానికి పనికొస్తుందంటే అది బ్యాకప్‌కే. బ్రాంచీల వారీ విభజన, లెక్క వేసిన పద్ధతి, కాదనుకున్న ప్రత్యామ్నాయాలు, రిహార్సల్స్‌లో ఒక్కో మెట్టుకు పట్టిన నిమిషాలు, ఇవి వెనకుండటమే మర్యాద. ముందున్న ప్రతి అంకె పక్కనా దాని హద్దు ఉండాలి, దాని ఆధారం వెనక ఏ నంబరు స్లైడులో ఉందో కూడా ఉండాలి.

పై లెక్కకు ఈ పద్ధతి పాటిస్తే ఆరో స్లైడు ఇలా మారుతుంది: పనికి 29 గంటలు, వెనక్కి రావడానికి 9, మొత్తం 38, ఉన్నవి 32. దారులు మూడు. సోమవారం సెలవున్న వారాంతం దాకా ఆగడం, పాత లావాదేవీల చరిత్రను ముందే ఎక్కించి పనిని 23 గంటల్లోకి తేవడం, లేదా తిరిగి రాలేమని తెలిసే ముందుకు వెళ్లడం. మూడో దారి ఎంచుకునే హక్కు కూడా కమిటీకి ఉంది. తెలియకుండా దాన్ని కమిటీ చేత ఎంచుకునేలా చేసే హక్కు మేనేజరుకు లేదు.

చివరిగా కమిటీల్లో కూర్చునే పెద్దలకు ఒక మనవి. ఈసారి థాంక్యూ స్లైడు రాగానే లేవకండి. "మెయిన్ డెక్ నుంచి ఆఖరి నిమిషంలో వెనక్కి పంపిన స్లైడు ఏది, ఎందుకు పంపారు?" అని అడగండి. జవాబుకు ఎంత సేపు పట్టిందో చూసి సంతకం పెట్టండి.