రేటింగ్‌కి బోనస్ కట్టమనే సలహా, దాని తోబుట్టువులు

మొదటి సలహా ఇలా ఉంటుంది: "రేటింగ్ 5 వస్తే టార్గెట్ బోనస్‌లో 150 శాతం, 4 వస్తే 120, 3 వస్తే 100, 2 వస్తే 50, 1 వస్తే ఏమీ లేదు. ఈ పట్టిక ఒక్కటి పెట్టుకోండి, పక్షపాతమన్న మాటే ఉండదు." వేరియబుల్ పే లెక్క తేల్చలేక తలపట్టుకున్న కంపెనీకి ముందుగా అందే సలహా ఇదే. పట్టిక నిక్కచ్చిగానే ఉంటుంది. రేటింగ్ ఇచ్చే మనిషి మాత్రం ఆ పట్టిక చూశాక మునుపటిలా రేటింగ్ ఇవ్వడు.

ఎందుకో చూద్దాం. టార్గెట్ బోనస్ లక్ష రూపాయలనుకోండి. 3కీ 2కీ మధ్య తేడా 50 వేలు. నిజాయితీగా చూస్తే 2 ఇవ్వాల్సిన ఉద్యోగి ఎదురుగా కూర్చున్నాడు. అతని పనిలో లోపం మేనేజర్‌కి తెలుసు. అతనికి ఇంటి లోన్ ఉందనీ తెలుసు. 2 ఇస్తే అతను మూడు నెలల్లో వేరే ఉద్యోగం చూసుకుంటాడని, ఆ ఖాళీ నిండేదాకా పని తన నెత్తిన పడుతుందని కూడా తెలుసు. పని గురించి చెప్పాల్సిన మాటకి 50 వేల ధర పడింది కాబట్టి ఆ మాట నోట్లోనే ఆగిపోతుంది. మేనేజర్ ముందు ఎంత డబ్బు ఇవ్వాలో అనుకుని, దానికి సరిపోయే అంకె వేసి, ఆ అంకెకి తగ్గ వ్యాఖ్య రాస్తాడు. అప్రైజల్ వెనక నుంచి ముందుకు నడవడం మొదలవుతుంది. అతన్ని దీనికి తప్పు పట్టను. ఆ స్థానంలో ఉన్న చాలామంది అదే చేస్తారు.

రెండో సలహా దీనికి మందుగా వస్తుంది: "రేటింగులు ఎంత పెంచినా మాకేం ఫర్వాలేదు. మొత్తం సొమ్ముకి కట్టుబాటు ఉంది. అందరికీ ఎక్కువ రేటింగులొస్తే దామాషాలో తగ్గించేస్తాం." ఈ సలహా బయటికి కనిపించేదానికన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. ఒక లెక్క వేసి చూపిస్తాను.

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ విభాగంలో రెండు టీములున్నాయనుకుందాం. ఒక్కోదాంట్లో 8 మంది, ఒక్కొక్కరికీ టార్గెట్ లక్ష, మొత్తం సొమ్ము 16 లక్షలు. పనిలో రెండు టీములూ ఒకేలా ఉన్నాయి. మొదటి మేనేజర్ ఉన్నదున్నట్టు రేటింగిచ్చాడు: ఒకరికి 4, ఆరుగురికి 3, ఒకరికి 2. పట్టిక ప్రకారం 7.7 లక్షలు. రెండో మేనేజర్ చెయ్యి జారవిడిచాడు: ఒకరికి 5, ఐదుగురికి 4, ఇద్దరికి 3. అంటే 9.5 లక్షలు. రెండూ కలిపితే 17.2 లక్షలు. ఉన్నది 16 లక్షలే కాబట్టి ప్రతి ఒక్కరికీ దాదాపు 7 శాతం కోత పడుతుంది. చివరికి మొదటి టీముకి అందేది సుమారు 7.16 లక్షలు, రెండో టీముకి 8.84 లక్షలు. నిజం రాసిన మేనేజర్ తన మనుషుల జేబులోంచి 84 వేలు తీసి పక్క టీముకి ఇచ్చినట్టయింది. అతని టీములో బాగానే పనిచేసి 3 తెచ్చుకున్న అమ్మాయికి 93 వేలు వస్తాయి. ఆమె చేసిన పనే చేసి పక్క టీములో 4 తెచ్చుకున్న అబ్బాయికి లక్షా పదకొండు వేల పైచిలుకు వస్తుంది. ఇది క్యాంటీన్‌లో తెలియడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. వచ్చే ఏడాది మొదటి మేనేజర్ కూడా 4లు పంచుతాడు. అప్పుడు కోత ఇంకా పెరుగుతుంది, 3 అంటే శిక్ష అయిపోతుంది. కట్టుబాటు డబ్బుని కాపాడింది, రేటింగుని కాపాడలేదు.

మూడో సలహా ఇక్కడ పుడుతుంది: "అయితే బెల్ కర్వ్ పెట్టండి, పై రేటింగులు ఇంత శాతానికి మించొద్దు, కింద ఇంత శాతం తప్పనిసరి." మన ప్రభుత్వ రంగ సంస్థలు దీన్ని నడిపి చూశాయి. 2008లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో పనితీరు ఆధారిత చెల్లింపుకి బెల్ కర్వ్ తప్పనిసరి చేశారు. ఎక్సలెంట్ వాళ్లు 10 నుంచి 15 శాతం మించకూడదు, కింది 10 శాతానికి ఆ చెల్లింపు అసలే ఉండదు. 2017 మార్గదర్శకాల్లో పై పరిమితిని 15 శాతం దగ్గర ఉంచి, కింది 10 శాతాన్ని బలవంతంగా నింపే నిబంధన తీసేశారు. పది మందీ బాగా పనిచేసిన యూనిట్‌లో ఒకరిని బలిపెట్టమంటే ఆ బాస్ ఏం చేస్తాడు? ఈ ఏడాది కొత్తగా చేరినవాళ్లనో, త్వరలో రిటైరయ్యేవాళ్లనో, బదిలీ మీద వెళ్లిపోతున్నవాళ్లనో అక్కడ పెడతాడు. ఆ అంకె పని గురించి ఏమీ చెప్పదు, ఎవరు ఎదురు మాట్లాడరో చెబుతుంది. మైక్రోసాఫ్ట్ కూడా ఇలాంటి నిర్బంధ వర్గీకరణని 2013లో వదిలేసింది.

"అయితే రేటింగులే తీసేయండి" అనేది నాలుగో సలహా. డబ్బు పంచాల్సిన అవసరం మిగిలే ఉంటుంది కాబట్టి మేనేజర్ దగ్గర ఒక రహస్య ఎక్సెల్ షీట్ పుడుతుంది. అందులోని అంకె ఉద్యోగికి కనిపించదు, దాన్ని ప్రశ్నించడానికీ వీలుండదు. ఇది మొదటిదానికన్నా అన్యాయం.

మరి ఏం చేయాలి? జనరల్ ఎలక్ట్రిక్‌లో చేసిన పరిశీలనని 1965లో మేయర్, కే, ఫ్రెంచ్ ప్రచురించారు. జీతం తేల్చే బాధ్యతనీ, మనిషి పనిని మెరుగుపరిచే బాధ్యతనీ ఒకే సమావేశంలో పెడితే రెండూ చెడతాయని వాళ్లు తేల్చారు. అరవై ఏళ్లయినా ఇంకా చాలా చోట్ల అదే సమావేశం నడుస్తోంది.

నెలల తేడాతో రెండు మీటింగులు పెట్టినంత మాత్రాన పని జరగదు. మొదటి మీటింగ్‌లో పడిన అంకె రెండోదాంట్లో గుణకంగా తిరిగొస్తే మేనేజర్ మొదటిదాంట్లోనే డబ్బు లెక్క వేసుకుంటాడు. తెంచాల్సింది గుణకాన్ని. నేను సూచించే పద్ధతి ఇది. బోనస్ సొమ్ములో 80 శాతం దాకా విభాగం లేదా కంపెనీ ఫలితం మీద, అందరికీ జీతంలో ఒకే శాతంగా వెళ్లిపోవాలి. రేటింగుతో దానికి సంబంధం ఉండకూడదు. మిగిలిన 20 శాతాన్ని ఏడాదిలో నిజంగా అసాధారణంగా చేసిన పనికి ఉంచండి. దానికి మేనేజర్ ఒక పేజీ రాయాలి: ఏ పని, ఎప్పుడు, దానివల్ల ఏం మారింది. అది తన టీముతో పోటీలో లేని మరో ఇద్దరు మేనేజర్లు చదివి నేరుగా రూపాయల్లో నిర్ణయించాలి. మెచ్చుకోలుకి ఆధారం కావాల్సి వస్తే మొహమాటంతో ఇచ్చే 4లు వాటంతట అవే తగ్గుతాయి.

పై మూడో సలహా ఇచ్చేవాళ్లు ఇక్కడ ఒక మాట అడుగుతారు: పని చేయనివాడికీ ఆ 80 శాతంలో వాటా వస్తుంది కదా? వస్తుంది. దాన్ని బోనస్ కోతతో దిద్దాలనుకోవడమే పొరపాటు. అతనికి ఏడాది చివర కాదు, మొదటి లోపం కనబడిన నెలలోనే రాతపూర్వకంగా చెప్పి, గడువు పెట్టి, అప్పటికీ మారకపోతే విడిగా నిర్ణయం తీసుకోవాలి. అలాగే సేల్స్‌లాగా ఫలితం రూపాయల్లో నేరుగా లెక్కకి వచ్చే చోట కమిషన్ కట్టడానికి నాకు అభ్యంతరం లేదు. అక్కడ లెక్క అమ్మకానిది, బాస్ అభిప్రాయానిది కాదు.

మీ కంపెనీలో ఈ తెగులు ఉందో లేదో తెలుసుకోవడానికి మూడు చోట్ల చూడండి. మొదటిది, మేనేజర్ వేసిన తొలి డ్రాఫ్ట్ రేటింగులు, బడ్జెట్ షీట్ పంచాక వచ్చిన తుది రేటింగులు పక్కపక్కన పెట్టండి. మార్పులన్నీ డబ్బు పెరిగే వైపే ఉంటే అనుమానం నిజమైనట్టే. రెండోది, బోనస్ హఠాత్తుగా తెగిపోయే గీతకి ఒక మెట్టు పైన జనం గుంపుగా ఉన్నారేమో లెక్కపెట్టండి. మూడోది, రేటింగ్ కనబడకుండా దాచి వ్యాఖ్యలు మాత్రమే ఇంకొకరి చేత చదివించి అంకె వేయించండి. ఆ అంకెకీ అసలు అంకెకీ పొంతన లేకపోతే, అసలు అంకె పని చూసి వేసింది కాదు. ఈ పరీక్ష మార్పుకి ముందొకసారి, మార్పు చేసిన ఏడాది తర్వాత ఒకసారి చేయండి. రెండోసారి కూడా ఫలితం అలాగే వస్తే, ఎక్కడో ఆ గుణకం ఇంకా బతికే ఉందని అర్థం. హైక్ లెక్కలోనో, ప్రమోషన్ అర్హతలోనో వెతకండి. ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.