గ్రౌండ్ ఉంది... బస్సుల కింద!

ప్రిన్సిపాల్ గారూ,

మీ బ్రోచర్ అట్ట మీద పచ్చటి ఫుట్‌బాల్ మైదానం చూసి మావాణ్ని ఏడో తరగతిలో చేర్పించాం. ఆ మైదానం ఎక్కడుందో ఇంతవరకూ దొరకలేదు. స్కూలు వెనక ఉన్నది కంకర నేల. అందులో సగం బస్సులది, మిగతా సగం జనరేటర్‌ది. బంతి బస్సు కిందికి దూరితే డ్రైవర్ వచ్చేదాకా హాఫ్‌టైమేనట!

105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పుతో అంతర్జాతీయ మైదానం అడిగేంత అత్యాశ మాకు లేదు. ఐదుగురేసి ఆడుకోవడానికి 40కి 20 మీటర్లు చాలు. బస్సులు జరిపి, కంకర ఏరించి, మట్టి పరిపించి, వాననీరు నిలవకుండా కాస్త వాలు పెట్టించండి. గోల్‌పోస్టుల్ని మాత్రం నేలలో గట్టిగా బిగించాలి. ఊరికే నిలబెడితే పిల్లలు వేలాడినప్పుడు మీద పడతాయి.

ఇక గేమ్స్ పీరియడ్. టైంటేబుల్‌లో శనివారం ఆఖరి గంట. సరిగ్గా ఆ గంటకే లెక్కల మాస్టారు డస్టర్‌తో ప్రత్యక్షం. పీఈటీ సారేమో ఫీజు బాకీల జాబితా పట్టుకుని క్లాసుల చుట్టూ తిరుగుతుంటారు. స్కూల్లో రోజూ వ్యాయామం చేసేది ఆయనొక్కరే!

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానానికి చేర్చిన కోచ్ రహీం హైదరాబాదీయే. మీ దగ్గర చేరి ఉంటే ఆయన చేత త్రికోణమితి చెప్పించేవారేమో.

స్పోర్ట్స్ ఫీజు రసీదు జత చేశాను. ఆ డబ్బుతో కొన్న బంతి ఏదైనా ఉంటే, గాలి కొట్టించగలరు.